నన్నయ ‘నుతజల పూరితంబులగు’ పద్యానికి ముందు మూడు నిమిషాలు ఏం మాట్లాడాలి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర కాలేజీ. వచ్చే నెల పద్య సాయంత్రం పెడుతున్నారు. మా క్లాస్‌మేట్ నన్నయ గారి ‘నుతజల పూరితంబులగు’ పద్యం పాడుతుంది. దానికి ముందు నేను చిన్న ఉపన్యాసం ఇవ్వాలి. ‘ప్రతిపదార్థం చెప్పకు, అందులో వాదం ఏమిటో చెప్పు’ అన్నారు మా తెలుగు మేడం. నాకు అందులో నూతులు, బావులు, యజ్ఞం, కొడుకు, సత్యం వరసగా కనిపిస్తున్నాయి గానీ వాదం కనిపించడం లేదు. నేను బీఎస్సీ చదివే అమ్మాయిని. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతసేపు మాట్లాడాలి? టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మా, ముందు ఒక్క ప్రశ్న పట్టుకో. కొడుకుని వెంటబెట్టుకుని, ‘వీడు నీ కొడుకు’ అని చెప్పడానికి వచ్చిన తల్లి, నూరుగురు కొడుకుల కంటే ఒక నిజమైన మాట గొప్పది అని ఎందుకు అంటుంది? తను తెచ్చిన సరుకు ధర తనే ఎందుకు తగ్గించుకుంటుంది? పద్యంలో వాదమంతా ఈ చిక్కులోనే ఉంది. నీ మూడు నిమిషాలూ సభని ఈ ప్రశ్న దాకా తీసుకెళ్ళడానికి సరిపోతాయి. మిగతాదేదైనా ఇక్కడికి దారి తీస్తేనే ఉంచు, లేకపోతే తీసెయ్.

పద్యం ఒకసారి ఎదురుగా పెట్టుకుందాం.

నుతజల పూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృత
వ్రత! యొక బావి మేలు; మఱి బావులు నూఱిటికంటె నొక్క స
త్క్రతువది మేలు, తత్క్రతుశతంబునకంటె సుతుండు మేలు, త
త్సుతశతకంబుకంటె నొక సూనృతవాక్యము మేలు చూడగన్.

ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలోది. నిండు సభలో దుష్యంతుడితో శకుంతల అంటున్న మాట. నేను డిగ్రీ పిల్లలకి ముప్పై ఏళ్ళ పైన తెలుగు చెప్పాను, అదీ ఎక్కువగా కోనసీమలోనూ, పాలకొల్లు, నరసాపురం వైపునూ. ఈ పద్యానికి పరిచయం చెప్పినవాళ్ళని చాలామందిని విన్నాను, నేనూ చెప్పాను. ఎక్కువగా రెండుచోట్ల కాలు జారుతుంది.

మొదటిది నా సొంత అనుభవం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీ వార్షికోత్సవంలో ఇదే పద్యానికి ముందు నేను మాట్లాడాను. దుర్వాసుడి శాపం, నీళ్ళలో పడిన ఉంగరం, చేప కడుపు, అన్నీ వర్ణించి వర్ణించి చెప్పాను. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. కిందికి దిగాక ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, పంచె సర్దుకుంటూ, ‘భారతంలో ఉంగరం ఎక్కడుంది నాయనా?’ అన్నాడు. అంతే అన్నాడు. నా చెవులు కాలిపోయాయి. ఉంగరం, శాపం కాళిదాసు నాటకంలోవి. భారతంలో అవి లేవు. భారతంలో దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి. గుర్తుండే, లోకం ఏమంటుందో అని భయపడి, నువ్వెవరో నాకు తెలియదంటాడు.

ఇది పండితుల పట్టింపు అనుకోకు. రాజు మరిచిపోయి ఉంటే ఈ పద్యానికి పనే లేదు. మరిచిపోయినవాడికి గుర్తు చెయ్యాలి, ఆనవాలు చూపించాలి. అక్కడ ఉంగరం కావాలి. తెలిసి తెలియదన్నవాడికి ఆనవాలు చూపించి లాభం లేదు, వాడికి సత్యం గురించే చెప్పాలి. అందుకే శకుంతల సత్యం దాకా వెళ్ళింది. ఆ రోజు నేను కథ తప్పు చెప్పినందువల్ల, తర్వాత పాడిన పిల్లవాడి పద్యం సభకి ఉత్తి నీతిపద్యంగా మిగిలిపోయింది. నీ ముందున్నవాళ్ళలో సగం మందికి ఉంగరం కథే తెలిసి ఉంటుంది, సినిమాల్లోనూ అదే చూశారు. కాబట్టి ‘ఇక్కడ ఉంగరం లేదు, శాపం లేదు’ అన్న మాట మొదటి అరనిమిషంలోనే పడాలి.

రెండోది నూతుల దగ్గర. మన జిల్లాల్లో ఇళ్ళల్లో అనేది నుయ్యి అనే. అవతలి జిల్లాల వాళ్ళు దాన్నే బావి అంటారు. మనకి రెండూ ఒకటే. అందుకని ‘నూరు నూతుల కంటే ఒక బావి మేలు’ అనగానే వెనక బెంచీల్లో ఎవడో ఒకడు నవ్వుతాడు. నవ్వడంలో వాడి తప్పేమీ లేదు. నూరు గ్లాసుల కంటే ఒక లోటా మేలు అన్నట్టు వినిపిస్తుంది వాడికి. చాలామంది వక్తలు ఇక్కడ దాటేసి యజ్ఞంలోకి వెళ్ళిపోతారు. మొదటి మెట్టే అర్థం కాని సభ నాలుగో మెట్టు ఎక్కదు.

దీనికి సమాధానం మూలంలో ఉంది. సంస్కృత భారతంలో శ్లోకం ఇది: ‘వరం కూపశతాద్వాపీ, వరం వాపీశతాత్క్రతుః, వరం క్రతుశతాత్పుత్రః, సత్యం పుత్రశతాద్వరమ్’. కూపం అంటే నుయ్యి. వాపి అంటే దిగుడుబావి, మెట్లు దిగి నీళ్ళు అందుకునేది. నన్నయ వాపిని బావి చేశాడు, మాట కూడా దానిలోంచి వచ్చిందే. డెల్టాలో నీళ్ళు పైపైనే ఉంటాయి, నాలుగు ఒరలు దింపితే నుయ్యి, మెట్లు కట్టే అవసరం మనకి తక్కువ. అందుకే మీ వయసు పిల్లలు దిగుడుబావి చూసి ఉండరు. నూతికి చేద కావాలి, తాడు కావాలి, తోడే ఓపిక కావాలి. దిగుడుబావికి కాళ్ళుంటే చాలు, దారినపోయేవాడెవడైనా దిగి దోసిలి పట్టుకుంటాడు. ఎందుకు మేలు అన్నది నన్నయ చెప్పలేదు, ఈ వివరణ నాది. సభకి మాత్రం ఈ బొమ్మ కళ్ళకి కడుతుంది.

ఇంకొక మాట కూడా మన ఊరి వాళ్ళకే బాగా అందుతుంది. ‘నుతజల పూరితంబులగు’ అన్నాడు. నుతి అంటే పొగడ్త. నలుగురూ పొగిడే నీళ్ళతో నిండిన నూతులు. సముద్రం వైపు ఊళ్ళల్లో ఒక నూతిలో ఉప్పునీళ్ళు, పక్క వీధి నూతిలో చప్పనీళ్ళు పడటం మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు, చెబుతారు. ఆ మంచినీళ్ళ నూతికి ఎంత దూరం నుంచైనా బిందెలతో వచ్చేవారు. నన్నయ చెప్పే నూరూ అలాంటి మంచినీళ్ళ నూతులే. సంస్కృత శ్లోకంలో ఈ విశేషణం లేదు, నన్నయ చేర్చాడు. దీని వల్ల వాదానికి ఏం లాభమో చూడు. ఉప్పునీళ్ళ నూతులు నూరు పక్కన పెట్టి ఒక బావి గొప్పది అంటే అది దొంగ తూకం. ఆవిడ అలా చెయ్యలేదు. రెండో మెట్టులో కూడా ఉత్త క్రతువు అనకుండా సత్క్రతువు అంది. ఏ మెట్టుకి ఆ మెట్టు నిండుగా ఉంది, పైమెట్టు ఇంకా పైన ఉంది.

ఇప్పుడు వాదం సంగతి. నిజానికి ఈ పద్యం ఏదీ రుజువు చెయ్యదు. నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు మేలు అనడానికి కారణం ఎక్కడా చెప్పలేదు. లెక్కలు చదివే పిల్లవి కాబట్టి నీకు సరదాగా చెబుతాను: ఒక బావి నూరు నూతుల పైన, ఒక క్రతువు పదివేల నూతుల పైన, ఒక కొడుకు పది లక్షల పైన, ఒక నిజమైన మాట పది కోట్ల మంచినీళ్ళ నూతుల పైన. కానీ నీళ్ళనీ, యజ్ఞఫలాన్నీ, కొడుకునీ ఒకే కాటాలో ఎలా తూస్తాం? తూయలేం. మరి ఈ పద్యం ఎందుకు అంత బలంగా తగులుతుంది?

ఎందుకంటే కింది మూడు మెట్లూ రాజు అప్పటికే ఎక్కి నిలబడ్డవి. నూతులూ బావులూ తవ్వించడం రాజు పని. యజ్ఞాలు చెయ్యడం రాజుకి పేరు. కొడుకు కావాలనుకోవడం రాజ్యానికి అవసరం. ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ ‘కాదు’ అనలేడు దుష్యంతుడు. అవునవునంటూ తల ఊపుతూ పైకి వస్తాడు. మూడో మెట్టు దాకా వచ్చినవాడు నాలుగోదాని దగ్గర మాత్రం దిగిపోతానంటే కుదరదు. ఒప్పుకున్న మాటల మీదుగా ఒప్పుకోని మాట దగ్గరికి నడిపించుకు రావడం ఈ పద్యం పన్నిన పన్నుగడ. మీ మేడం వాదం అన్నది దీన్నే.

ఇక మొదట అడిగిన ప్రశ్న. కొడుకుని ఒక మెట్టు కిందికి ఎందుకు దించింది? దీనికి పద్యానికి ముందు ఏం జరిగిందో ఒక్క వాక్యం తెలియాలి. అంతకు ముందే శకుంతల కొడుకు పేరు మీద బతిమాలింది. ముత్యాల హారాలు, కర్పూర పరాగం, చందనం, వెన్నెల, ఇవేవీ కన్నకొడుకు కౌగిలి అంత చల్లగా ఉండవు, ఒకసారి దగ్గరికి తీసుకో అంది. అది కూడా గొప్ప పద్యమే, ‘విపరీత ప్రతిభాషలేమిటికి’ అని మొదలవుతుంది. అది తండ్రి మనసుకి చెప్పిన మాట. తండ్రి కరగలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నది రాజుతో. తండ్రిగా ముద్దు చెయ్యకపోయినా ఫరవాలేదు, రాజుగా ఒక మాట చెప్పు చాలు అంటోంది.

ఏం మాట? ఇక్కడ ‘వాక్యము’ అన్న పదం దగ్గర కాస్త ఆగు. మూలంలో ‘సత్యం’ అని ఉంది. నన్నయ ‘ఒక సూనృతవాక్యము’ అన్నాడు. సత్యం అంటే ఎక్కడో ఆకాశంలో ఉండే పెద్ద గుణం. వాక్యం అంటే నోటితో అనేది. నిచ్చెన చివరి మెట్టు మీద ఉన్నది ఒకే ఒక్క వాక్యం. ‘ఈమె నా భార్య, వీడు నా కొడుకు’ అన్న వాక్యం. ఆవిడ దానం అడగడం లేదు, దయ అడగడం లేదు, ఆ వాక్యం అడుగుతోంది. ఆ వాక్యం వస్తే కొడుకు దాని వెనకే వస్తాడు. ఆ వాక్యం రాకుండా కొడుకుని జాలితో తీసుకుంటే వాడు సభలో ఎవడో అనాథగా మిగులుతాడు. అందుకని కొడుకుని కిందికి దించడం కొడుకు కోసమే.

సూనృతం అన్న మాటకి ఉత్త నిజం అని మాత్రమే అర్థం కాదు, వినడానికి ఇంపుగా ఉండే నిజం అని. ఎవరికి ఇంపు అన్నది వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ఛందస్సు తెలిసినవాళ్ళు ఒక అడ్డుప్రశ్న వెయ్యొచ్చు: నాలుగో పాదం ‘త్సు’తో మొదలైంది కాబట్టి పదకొండో అక్షరం దగ్గర యతికి ‘సూ’ కావలసి వచ్చింది, అందుకే సూనృతం వచ్చింది, అంతకు మించి ఏముంది అని. సబబైన ప్రశ్నే. అయితే అదే మాట మొదటి పాదం చివర కూడా ఉంది, అక్కడ యతి అడగలేదు. ‘సూనృతవ్రత!’ అని రాజుని పిలిచింది. నిజం పలకడమే వ్రతంగా పెట్టుకున్నవాడా అని. ఎప్పుడు? రాజు నిండు సభలో అబద్ధం ఆడిన కాసేపటికే. మూల శ్లోకంలో ఈ పిలుపు లేదు. మొదట్లో పిలుపుగా వినిపించిన మాట చివర మెట్టుగా తేలుతుంది. నీ వ్రతమే నేను చెప్పే చివరి మెట్టు, దాన్ని వదిలేస్తే కింద ఉన్న నూతులూ బావులూ యజ్ఞాలూ దేనికి పనికొస్తాయి అని. అది ఎత్తిపొడుపా, నిజంగానే నమ్మకంతో పిలిచిందా అని నన్ను అడిగితే, రెండూ అంటాను. నువ్వు వేదిక మీద తేల్చకు. పాడే అమ్మాయి గొంతు తేలుస్తుంది.

ఆ అమ్మాయి దగ్గరికే వద్దాం, ఎందుకంటే నీ ఉపన్యాసం ఎంత బాగున్నా ఆవిడ విరుపు తప్పితే పోతుంది. ఈ పద్యం చంపకమాల. రాగంలో పాడేవాళ్ళకి పాదం చివర అక్షరాన్ని సాగదీసే అలవాటు ఉంటుంది. ఇందులో మూడు పాదాల చివరా మాట మధ్యలో విరిగింది చూడు: ‘సూనృత – వ్రత’, ‘స – త్క్రతువు’, ‘త – త్సుత’. అలవాటు ప్రకారం పాడితే ‘సూనృతా...’ అని ఒక ఆలాపన, ‘సా...’ అని ఇంకొకటి, ‘తా...’ అని మూడోది. నువ్వు కష్టపడి చెప్పిన ‘సూనృతవ్రత’ రెండు ముక్కలై ఎవరికీ వినపడదు. నాలుగు ‘మేలు’లు ఉన్నాయి కదా, ఆగాల్సింది వాటి దగ్గర. ‘నూతులు నూఱిటికంటె’ దగ్గర చిన్న విరుపు, ‘సూనృతవ్రత’ ఒక్క ఊపిరిలో, ‘యొక బావి మేలు’ దగ్గర నిలుపు. ఆలాపన కావాలంటే మేలులో ‘మే’ మీద చేసుకోమను.

ఇలా పాడితే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. మేలుకీ మేలుకీ మధ్య అక్షరాలు లెక్కపెట్టు. మొదటి మెట్టుకి ఇరవై తొమ్మిది, రెండోదానికి పంతొమ్మిది, మూడోదానికి పద్నాలుగు. మెట్లు దగ్గరవుతున్నాయి, నడక వేగం అందుకుంటోంది. నాలుగోది మళ్ళీ పంతొమ్మిదికి విశాలమై, ‘చూడగన్’ అని మూడక్షరాలతో దిగుతుంది. నన్నయ ఇది కావాలని చేశాడని నేను అనను. కానీ చెవికి మాత్రం ఆవిడ గబగబా మూడు మెట్లెక్కి, నాలుగోదాని మీద నిలబడి ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. ఇది నీ ఉపన్యాసంలో చెప్పకు, ఎవరూ లెక్కపెట్టుకుంటూ వినరు. పాడే అమ్మాయికి చెప్పు.

ఎంతసేపు అన్నావు. రాగంలో నిదానంగా పాడినా పద్యం నిమిషం పట్టదు. దానికి ముందు పది నిమిషాల ఉపన్యాసం అంటే చిన్న గుడికి పెద్ద గాలిగోపురం. మూడు నిమిషాలు దాటకు. నిమిషానికి తొంభై మాటల లెక్కన రెండు వందల యాభై మాటలు చాలు. నేనైతే ఇలా మాట్లాడతాను. దీన్ని బట్టీ పట్టకు, నీ నోటికి ఎలా వస్తే అలా మార్చుకో.

‘అందరికీ నమస్కారం. మనం వినబోయేది ఒక రాజు ముఖం మీద చెప్పిన పద్యం. రాజు దుష్యంతుడు, చెప్పినది శకుంతల. పక్కన కొడుకు నిలబడి ఉన్నాడు. వీడు నీ కొడుకు అంది ఆవిడ. నువ్వెవరో నేను ఎరగను అన్నాడు రాజు. ఇది భారతం కథ. ఇక్కడ ఉంగరం లేదు, శాపం లేదు. రాజు ఏదీ మరిచిపోలేదు. తెలిసే అన్నాడు.

కొడుకుని ఒకసారి దగ్గరికి తీసుకో, చందనం కంటే, వెన్నెల కంటే చల్లగా ఉంటుందని బతిమాలింది. రాజు కదల్లేదు. అప్పుడు అన్న మాట ఈ పద్యం.

రెండు పదాలు ముందే చెబుతాను. మనకి నుయ్యి అన్నా బావి అన్నా ఒకటే. ఈ పద్యంలో వేరు. నుయ్యి చేద వేసి తోడుకునేది. బావి అంటే మెట్లు దిగి దోసిలి పట్టే దిగుడుబావి. రెండోది సూనృతం. అంటే నిజం, వినడానికి ఇంపైన నిజం.

పద్యం ఒక నిచ్చెన. మంచినీళ్ళ నూతులు నూరింటి కంటే ఒక దిగుడుబావి మేలు. అలాంటి బావులు నూరింటి కంటే ఒక యజ్ఞం మేలు. అలాంటి యజ్ఞాలు నూరింటి కంటే ఒక కొడుకు మేలు. ఇక్కడ ఆగుతుందనుకుంటాం. కొడుకు కోసమే కదా వచ్చింది! ఆవిడ ఆగదు. అలాంటి కొడుకులు నూరుగురి కంటే ఒక్క నిజమైన మాట మేలు అంటుంది.

కొడుకుని చెయ్యి పట్టుకుని తెచ్చిన తల్లి, కొడుకు కంటే పైన ఇంకొకటి ఎందుకు పెట్టింది? నూతులు, యజ్ఞాలు, కొడుకు, ఈ మూడూ గొప్పవని రాజు ఒప్పుకుంటాడు. ఒప్పించుకుంటూ తీసుకొచ్చి చివరి మెట్టు మీద నిలబెట్టింది. ఆ మెట్టు మీద ఉన్నది ఒకే ఒక్క వాక్యం. నీకు తెలిసిన ఆ వాక్యం ఈ సభలో చెప్పు అంటోంది. కొడుకు మీద జాలి పడమని అడగడం లేదు.

ఒక్క పిలుపు గమనించండి. అబద్ధమాడిన రాజుని ఆవిడ సూనృతవ్రత అని పిలుస్తుంది. నిజం పలకడమే వ్రతంగా ఉన్నవాడా అని. మన గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలో, రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ రాసిన పద్యం ఇది. ఒక రాజు సభలో చదవడానికే రాశాడు. నాలుగుసార్లు మేలు అని వినిపిస్తుంది. నాలుగోది వినండి.’

ఇందులో ఆకాశవాణి రాలేదని గమనించావా? కథలో ఆకాశవాణి పలికాకే రాజు ఒప్పుకుంటాడు, తనకి ముందే తెలుసని కూడా అప్పుడే సభలో చెబుతాడు. అది నువ్వు ముందే చెప్పేస్తే సభ శకుంతల మాట వినడం మానేసి దేవుడి తీర్పు కోసం చూస్తుంది. పద్యం పాడే సమయానికి రాజు ఇంకా ఒప్పుకోలేదు. సభని అక్కడే ఉంచు. అలాగే ఈ పద్యం తర్వాత వెంటనే వచ్చే కందంలో వెయ్యి అశ్వమేధాలు ఒకవైపు, సత్యం ఒకవైపు పెట్టి తూస్తే ముల్లు సత్యం వైపే మొగ్గుతుందని ఉంటుంది. చాలా బాగుంటుంది, చెప్పాలని నోరు ఊరుతుంది. చెప్పకు. నిచ్చెన బొమ్మ పక్కన తక్కెడ బొమ్మ పెడితే రెండూ చెదిరిపోతాయి.

ఎవరైనా తర్వాత ‘కొడుకే ఎందుకు, కూతురు ఎందుకు కాదు’ అని అడిగితే కంగారు పడకు. మీ వయసు పిల్లలు అడగాల్సిన ప్రశ్నే. ‘సుతుండు’ని సంతానం అని మార్చి సర్దిచెప్పకు, పద్యంలో ఉన్నది కొడుకే. అప్పటి లోకంలో రాజ్యం కొడుకుది, ఇక్కడి తగువూ ఆ కొడుకు హక్కు గురించే. అంత వరకు చెప్పి ఊరుకో. కావాలంటే, ఆ సభలో రాజుతో వాదిస్తున్నది తోడు లేని ఒక ఆడమనిషి అని గుర్తు చెయ్యొచ్చు.

రిహార్సల్‌కి మీ క్లాసు వాళ్ళని కూర్చోబెట్టుకోకు, వాళ్ళకి అంతా ముందే తెలుసు. ఇంట్లో అమ్మమ్మో, పక్కింటి పిన్నిగారో ఉంటారు కదా, వాళ్ళ ముందు ఒకసారి మాట్లాడు. ఆపాక ఒకటే అడుగు: ‘ఆవిడ రాజుని ఏం అడిగింది?’ అని. ‘కొడుకుని ఏలుకోమంది’ అంటే నీ నాలుగో మెట్టు అందలేదని లెక్క, కొడుకు దగ్గర ఆగి ‘ఆవిడ ఆగదు’ అన్న చోట సరిగ్గా నిలపలేదు నువ్వు. అక్కడ రెండు క్షణాలు నిజంగానే మౌనంగా ఉండాలి. ‘నిజం చెప్పమంది’ అంటే పని అయినట్టే. ‘నుయ్యికీ బావికీ తేడా ఏమిటన్నావూ?’ అని వాళ్ళే ఎదురు అడిగితే ఆ రెండు వాక్యాలు తొందరగా అన్నావని.

పద్యం రెండుసార్లు వినిపించే వీలుంటే మేడంని అడుగు. మొదట రాగం లేకుండా, మాటలు విరిచి, మామూలు గొంతుతో. తర్వాత రాగంలో. మొదటిసారి సభ నిచ్చెన ఎక్కుతుంది, రెండోసారి పాట వింటుంది. ఒకేసారి రెండు పనులూ చెయ్యమంటే పాటే గెలుస్తుంది.

చివరి సంగతి. ‘నాలుగోది వినండి’ అన్నాక ‘ధన్యవాదాలు, సెలవు’ అని చేర్చకు. చేర్చావంటే చప్పట్లు పడతాయి, ఆ చప్పట్లలో శకుంతల సభ చెదిరిపోతుంది. మైకు ఒక్కటే ఉంటుంది కాబట్టి పాడే అమ్మాయిని ముందే నీ పక్కన నిలబడి ఉండమను. నువ్వు ఒక అడుగు వెనక్కి వెయ్యగానే, ఆవిడ శ్రుతి కోసం తడుముకోకుండా, ‘నుతజల’ అని ఎత్తుకోవాలి.